సోడియం-పొటాషియం నిష్పత్తి 20, ఏసీటీహెచ్ తర్వాత కార్టిసోల్ 0.8: ఇది అడిసన్స్ వ్యాధేనా?

ప్రశ్న: మా లాబ్రడార్ ఆడది, నాలుగేళ్లు, 24 కిలోలు. మూడు నెలలుగా వాంతులు, నీరసం. సెలైన్ పెడితే రెండు రోజుల్లో లేచి తిరుగుతుంది, మళ్లీ కొన్నాళ్లకు పడుకుంటుంది. క్రియాటినిన్ 2.8 ఉంది, కిడ్నీలు పాడయ్యాయని ఒక డాక్టరు గారు అన్నారు. సోడియం 129, పొటాషియం 6.5. ఇంకో డాక్టరు గారు అడిసన్స్ అని అనుమానించి ఏసీటీహెచ్ పరీక్ష చేశారు. ఇంజక్షన్‌కి ముందు కార్టిసోల్ 0.6, గంట తర్వాత 0.8. కానీ ఆ పరీక్షకు పది రోజుల ముందు దురద కోసం వేరే చోట స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించాం. ఈ రిపోర్టును నమ్మొచ్చా? జీవితాంతం మందులు వాడాలా?

సమాధానం:

అడిసన్స్ అయ్యే అవకాశమే చాలా ఎక్కువండి. మీ రెండో డాక్టరు గారు సరైన దారిలోనే ఉన్నారు. నా దగ్గరికి వచ్చి ఉంటే నేను కూడా అడిసన్స్ అనుకునే వైద్యం మొదలుపెట్టేవాడిని. కాకపోతే కేసు షీటు మీద "జీవితాంతం" అని రాసే ముందు రెండు విషయాలు తేల్చుకునేవాడిని. ఒకటి, దురదకు వేసిన ఆ ఇంజక్షన్ పేరేమిటి. రెండు, దాని పేగుల్లో విప్‌వార్మ్ పురుగులు ఉన్నాయా. ఈ రెండే ఎందుకో చెప్పాలంటే ముందు మీ రిపోర్టులోని రెండు రకాల అంకెలు దేని గురించి మాట్లాడుతున్నాయో చెప్పాలి.

కిడ్నీల దగ్గరే ఉండే అడ్రినల్ గ్రంథుల పైపొర రెండు ముఖ్యమైన హార్మోన్లు తయారుచేస్తుంది. ఆల్డోస్టిరాన్ సోడియాన్ని ఒంట్లో నిలబెట్టి, పొటాషియాన్ని మూత్రంలోకి పంపిస్తుంది. కార్టిసోల్ ఒత్తిడిని తట్టుకోవడానికి, రక్తపోటుకు, పేగుల ఆరోగ్యానికి, షుగర్ పడిపోకుండా ఉండటానికి కావాలి. అడిసన్స్‌లో ఎక్కువ కుక్కల్లో సొంత రోగనిరోధక వ్యవస్థే ఆ పైపొరను తినేస్తుంది కాబట్టి రెండూ తగ్గిపోతాయి. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఈ రెండు హార్మోన్లను నడిపించేవాళ్లు వేరు. కార్టిసోల్ మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపే ఏసీటీహెచ్ చెప్పినట్టు వింటుంది. ఆల్డోస్టిరాన్ మాత్రం ప్రధానంగా కిడ్నీలోంచి మొదలయ్యే రెనిన్ వ్యవస్థ చెప్పినట్టు, రక్తంలోని పొటాషియం చెప్పినట్టు వింటుంది.

మీ ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. స్టెరాయిడ్ ఇంజక్షన్ పిట్యూటరీని నిద్రపుచ్చుతుంది, దాంతో ఏసీటీహెచ్ తగ్గి కార్టిసోల్ పడిపోతుంది. అంటే మీ 0.6, 0.8 అంకెల్ని అది పాడుచేయగలదు. కానీ ఆల్డోస్టిరాన్ దారి వేరు కనుక సోడియాన్ని 129కి దించి పొటాషియాన్ని 6.5కి ఎక్కించడం ఆ ఇంజక్షన్ వల్ల కాదు. మీ కుక్కలో రెండూ దెబ్బతిన్నాయి. అందుకే నేను అడిసన్స్ వైపు ఇంత గట్టిగా మొగ్గుతున్నాను.

ఇక నిష్పత్తి. సోడియాన్ని పొటాషియంతో భాగించడమే, అంతకన్నా ఏమీ లేదు.

129 ÷ 6.5 = 19.8

ఆరోగ్యంగా ఉన్న కుక్కలో ఇది సుమారు 27 నుంచి 40 మధ్య ఉంటుంది. 27 కన్నా తగ్గితే అడిసన్స్ పేరు మనసులోకి రావాలి. 24 కన్నా తగ్గితే అనుమానం బలపడుతుంది. 20 దగ్గరికి, అంతకన్నా కిందికి వస్తే అడిసన్స్‌ని జాబితాలో మొదట రాసుకుంటాం. 15 కన్నా కిందికి వెళ్లిందంటే వేరే కారణం దొరకడం అరుదు. ఈ గీతలు సున్నంతో గీసిన హద్దులు కావు. 26 ఉన్న కుక్కకు అడిసన్స్ ఉండొచ్చు, 21 ఉన్న కుక్కకు లేకపోవచ్చు. పైగా నిష్పత్తి ఒక్కటే చూడకూడదు, దేనివల్ల తగ్గిందో చూడాలి. సోడియం మామూలుగా 145 ఉండి, పొటాషియం ఒక్కటే 7 ఉన్నా నిష్పత్తి 20.7 వస్తుంది. ఆ కుక్కకి మూత్రం ఆగిపోయిందేమో అని ముందు చూస్తాను. మీ కుక్కలో రెండూ కదిలాయి, రెండూ అడిసన్స్‌లో కదిలే వైపుకే కదిలాయి.

అసలు ఆ అంకెలు నిజమైనవేనా అన్నది కూడా ఒకసారి చూడండి. పొటాషియం తప్పుగా ఎక్కువ రావడం ల్యాబుల్లో మామూలే. రక్తకణాల పరీక్షకు వాడే ఊదారంగు మూత ట్యూబులో పొటాషియం ఉన్న ఈడీటీఏ ఉంటుంది. రక్తం తక్కువ వచ్చిందని ఆ ట్యూబులోంచి కాస్త తీసి సీరం ట్యూబులో పోస్తే పొటాషియం అమాంతం పెరుగుతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేస్తుంది కాబట్టి అదే రిపోర్టులో కాల్షియం నమ్మలేనంత తక్కువగా ఉంటుంది. మీ రిపోర్టులో కాల్షియం మామూలుగానో, కాస్త ఎక్కువగానో ఉంటే ఈ బెంగ అక్కర్లేదు. అడిసన్స్ ఉన్న కుక్కల్లో సుమారు మూడో వంతుకి కాల్షియం కాస్త ఎక్కువే ఉంటుంది. ఇంకో సంగతి, ఆ రక్తం సెలైన్ పెట్టకముందు తీశారా, తర్వాతా? ఒకటి రెండు సీసాలు ఎక్కాక నిష్పత్తి 27 దాటి కూర్చున్న అడిసన్స్ కుక్కలు చాలానే ఉంటాయి. సెలైన్ తర్వాత కూడా మీకు 19.8 వచ్చిందంటే మొదట్లో అంతకన్నా ఘోరంగా ఉండేదన్నమాట.

ఇప్పుడు కిడ్నీ మాట. మొదటి డాక్టరు గారిని తప్పుపట్టనక్కర్లేదు. అడిసన్స్ కుక్క రక్తం చూస్తే అచ్చం కిడ్నీ కేసులాగే ఉంటుంది. క్రియాటినిన్ పెరుగుతుంది, యూరియా పెరుగుతుంది. ఒంట్లో సోడియం నిలవక, నీరు కూడా దాని వెంటే పోయి, కిడ్నీలకు చేరే రక్తం తగ్గిపోవడమే దానికి కారణం. మామూలుగా ఒంట్లో నీరు తగ్గిన కుక్క మూత్రం చిక్కగా, సాంద్రత 1.030 పైన ఉండాలి. కిడ్నీ దెబ్బతింటే చిక్కబరచలేదు. తిరకాసు ఏమిటంటే, అడిసన్స్‌లో సోడియం నిరంతరం పోతూ ఉండటం వల్ల మంచి కిడ్నీ కూడా మూత్రాన్ని చిక్కబరచలేదు. అందుకే మూత్రం పలచగా ఉంది కాబట్టి కిడ్నీయే అనుకుని ఆగిపోతారు.

తేడా తెలిసేది సెలైన్ పెట్టాకే. అడిసన్స్ కుక్కకి క్రియాటినిన్ ఒకటి రెండు రోజుల్లో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. దీర్ఘకాలంగా పాడైన కిడ్నీ అయితే కొంత తగ్గి అక్కడే ఆగిపోతుంది. "సెలైన్ పెడితే రెండు రోజుల్లో లేచి తిరుగుతుంది" అని మీరు రాసిన మాట నాకు రిపోర్టులోని అంకెలకన్నా ఎక్కువ చెప్పింది. పైగా పొటాషియం అంత పెరగడం కిడ్నీ కేసుల్లో ఎక్కువగా మూత్రం దాదాపు ఆగిపోయినప్పుడే చూస్తాం. మీ కుక్క మూడు నెలలుగా మామూలుగానే పోస్తోందనుకుంటాను.

ఇంకో చిన్న ఆధారం మీ ఇంట్లోనే ఉంది. రక్తకణాల రిపోర్టు తీసి లింఫోసైట్లు, ఇసినోఫిల్స్ చూడండి. జబ్బుపడ్డ కుక్కలో కార్టిసోల్ పెరుగుతుంది, దాని వల్ల లింఫోసైట్లు తగ్గాలి, ఇసినోఫిల్స్ దాదాపు మాయమవ్వాలి. అంత నీరసంగా ఉన్న కుక్క లింఫోసైట్లు మైక్రోలీటరుకు 2,000 పైన, ఇసినోఫిల్స్ ఏమీ జరగనట్టు ఉన్నాయంటే కార్టిసోల్ అందడం లేదేమో అని అనుమానించాలి. రోగనిర్ధారణ కాదు గానీ, నేను చాలాసార్లు అడిసన్స్ వైపు తిరిగింది ఈ రెండు వరుసలు చూసే.

నిష్పత్తి అబద్ధం చెప్పే చోటు

నిష్పత్తి తగ్గించే వేరే జబ్బులు కొన్ని ఉన్నాయి. ఛాతీలో, పొట్టలో నీరు చేరడం, మూత్రాశయం చిట్లడం, మూత్రం ఆగిపోవడం, షుగర్ జబ్బు ముదిరి కీటోన్లు పెరగడం, నిండు చూలు. వీటిలో చాలావాటిని మంచి స్కానింగ్, ఒక షుగర్ పరీక్ష పట్టిస్తాయి. నన్ను కంగారుపెట్టేది మాత్రం పురుగులు.

మామిడి తోటలో కాపలాకు ఉండే ఒక జర్మన్ షెపర్డ్‌ని నా దగ్గరికి తెచ్చారు. వారాల తరబడి జిగురు, రక్తం కలిసిన విరేచనాలు, నీరసం. సోడియం 132, పొటాషియం 6.1, అంటే నిష్పత్తి 21.6. చూడటానికి అచ్చు అడిసన్సే. ఏసీటీహెచ్ ఇచ్చాక కార్టిసోల్ 12కి ఎక్కింది, అంటే అడ్రినల్ గ్రంథి నిక్షేపంగా ఉంది. మొదటి మలపరీక్షలో ఏమీ దొరకలేదు. రెండోసారి చూస్తే రెండు కొసల్లోనూ బిరడా పెట్టినట్టుండే నిమ్మకాయ ఆకారపు గుడ్లు కనిపించాయి, విప్‌వార్మ్. ఫెన్‌బెండజోల్ కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు రోజులు వేశాం, తర్వాత రక్తం చూస్తే నిష్పత్తి 30 దాటింది. ఈ పురుగులు పెద్దపేగు గోడకు అంటుకుని ఉంటాయి, ఆ విరేచనాలతో సోడియం, నీరు పోయి అడిసన్స్ వేషం కడతాయి. గుడ్లు రోజూ పడవు కాబట్టి ఒక్క మలపరీక్షలో లేవంటే లేనట్టు కాదు. మందు చవక, ప్రమాదం లేనిది. అందుకే తక్కువ నిష్పత్తి ఉన్న ప్రతి కుక్కకీ, మలపరీక్ష ఏం చెప్పినా, నేను ఆ మూడు రోజుల కోర్సు వేయిస్తాను. ఈ పురుగు గుడ్లు నేలలో చాలాకాలం బతుకుతాయి కనుక మూడు వారాల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత మళ్లీ ఒకసారి వేస్తే మంచిది.

ఏసీటీహెచ్ పరీక్ష చెప్పేది, చెప్పనిది

ఈ పరీక్షలో అడ్రినల్ గ్రంథిని బయటి నుంచి గట్టిగా తట్టి చూస్తాం. ముందు రక్తం తీస్తాం. తర్వాత కృత్రిమ ఏసీటీహెచ్, అంటే కోసింట్రోపిన్, కిలోకు 5 మైక్రోగ్రాముల చొప్పున నరానికి ఇస్తాం. ఎంత పెద్ద కుక్కకైనా 250 మైక్రోగ్రాములు మించనక్కర్లేదు. మీ 24 కిలోల కుక్కకి 120 మైక్రోగ్రాములు, అంటే సగం వయల్ కూడా కాదు. మిగిలింది ప్లాస్టిక్ సిరంజీల్లో చిన్న మోతాదులుగా నింపి డీప్ ఫ్రీజర్‌లో దాచుకుంటే కొన్ని నెలలు పనికొస్తుంది, ఖర్చు కలిసొస్తుంది. సరిగ్గా గంటకు రెండో రక్తం తీస్తాం. కోసింట్రోపిన్ దొరక్క ఏసీటీహెచ్ జెల్‌ను కండకు ఇచ్చే చోట్ల గడియారం వేరు, రెండు గంటలకు కూడా రక్తం తీయాలి. మీకు ఏది ఇచ్చారో అడగండి. జెల్ ఇచ్చి గంటకే తీసి ఆపేస్తే, కార్టిసోల్ ఇంకా ఎక్కుతూ ఉండగానే కొలిచి ఉండొచ్చు.

రెండో అంకె డెసిలీటరుకు 2 మైక్రోగ్రాములకన్నా తక్కువ ఉంటే అడిసన్స్ అంటాం. మామూలు కుక్కలో అది 6 నుంచి 18 మధ్య ఎక్కడో ఉంటుంది. 2 నుంచి 6 మధ్య వస్తే మాత్రం తలనొప్పి. పరీక్షలో లోపమో, స్టెరాయిడ్ ప్రభావమో, జబ్బు ఇంకా సగం దారిలో ఉందో ఆలోచించాలి. మీ ల్యాబు నానోమోల్స్‌లో ఇచ్చి ఉంటే 27.6తో భాగించండి, 55 నానోమోల్స్ అంటే ఇంచుమించు 2 మైక్రోగ్రాములు. కొందరు యూనిట్ చూసుకోకుండా 40ని చూసి "బోలెడుంది" అనేస్తారు. ఆ 40 నానోమోల్సయితే అది 1.4 మాత్రమే.

మీ కుక్కకి 0.6 నుంచి 0.8. దాదాపు కదల్లేదు. ఇంజక్షన్ నరంలోకి వెళ్లకుండా పక్కకు కారిపోయినా, మందు పాడైపోయినా ఇలాగే కదలకుండా ఉంటుంది. కానీ మొదటి అంకే 0.6 అన్నది మరవకండి. అంత జబ్బుతో, ఆసుపత్రి భయంతో ఉన్న కుక్కకి ఏ ఇంజక్షనూ ఇవ్వకుండానే కార్టిసోల్ బాగా ఎక్కువ ఉండాలి. అక్కడే 0.6 ఉందంటే మందు లోపం అనుకోవడానికి వీల్లేదు.

దురద ఇంజక్షన్ సంగతి

స్టెరాయిడ్లు ఈ పరీక్షను రెండు రకాలుగా చెడగొడతాయి, రెండూ ఎదురెదురు దిక్కులు. ప్రెడ్నిసలోన్, హైడ్రోకార్టిసోన్ లాంటివి రక్తంలో ఉంటే ల్యాబు యంత్రం వాటిని కూడా కార్టిసోల్‌గా లెక్కబెట్టేస్తుంది, అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. అడిసన్స్ ఉన్నా లేనట్టు కనిపిస్తుంది. అందుకే ప్రెడ్నిసలోన్ ఇచ్చి కనీసం 24 గంటలైనా దాటాకే రక్తం తీయమంటాం. డెక్సామెథసోన్‌ను యంత్రం కార్టిసోల్‌గా చూడదు. అందుకే ప్రాణం మీదికి వచ్చిన కుక్కకి డెక్సా ఇచ్చి వెంటనే పరీక్ష చేసుకోగలం. మీ కుక్క అంకెలు తక్కువ వచ్చాయి కాబట్టి ఈ మొదటి రకం తప్పు మీకు వర్తించదు.

రెండోది పిట్యూటరీని నిద్రపుచ్చడం. ఇది మందును బట్టి ఉంటుంది. పది రోజుల క్రితం ఒక్క డెక్సామెథసోన్ ఇంజక్షన్ వేసి ఉంటే, ఈపాటికి గ్రంథి 0.8 దగ్గర చచ్చుబడి ఉండటం నాకు నమ్మబుద్ధి కాదు. కాస్త మందకొడిగా ఉన్నా 2 దాటాలి. కానీ దురద కేసుల్లో ఎక్కువగా వాడేవి డిపో రకాలు, మిథైల్‌ప్రెడ్నిసలోన్ అసిటేట్ గానీ, ట్రయామ్సినలోన్ గానీ. చూడటానికి పాలలా తెల్లగా ఉంటాయి, వేసే ముందు సీసా కుదపాలి. అవి వారాల తరబడి ఒంట్లో కరుగుతూ, అన్నాళ్లూ గ్రంథిని నొక్కిపెడతాయి. మీకు పేరు తెలియకపోతే, ఇంజక్షన్ నీళ్లలా ఉందా, పాలలా ఉందా అన్నది గుర్తుతెచ్చుకున్నా సగం పని అవుతుంది. చెవిలో వేసే చుక్కలు, ఒంటికి రాసే బీటామెథసోన్ ఆయింట్‌మెంట్లు కూడా రోజూ వాడితే ఇదే పని చేస్తాయి. ఇవి మందుల్లో లెక్కకు రావనుకుని ఎవరూ చెప్పరు.

ఇప్పుడు మొదట్లో అడిగిన రెండు ప్రశ్నలనూ కలిపి చూడండి. డిపో స్టెరాయిడ్ కార్టిసోల్‌ను దించుతుంది, సోడియం పొటాషియాలను కదపదు. విప్‌వార్మ్ సోడియం పొటాషియాలను కదుపుతుంది, కార్టిసోల్‌ను దించదు. విడివిడిగా ఏ ఒక్కటీ మీ రిపోర్టులను తయారుచేయలేదు. రెండూ ఒకే కుక్కలో కలిస్తే మాత్రం అచ్చు మీ రిపోర్టే వస్తుంది. అరుదే, అయినా దురద, పురుగులు రెండూ ఉన్న కుక్కలు మన ఊళ్లలో తక్కువేం కాదు. ఆ ఒక్క సందు మూసేయడానికే నా పట్టుదల.

మూయడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, కుక్క ఒంట్లో సొంతంగా ఎంత ఏసీటీహెచ్ ఉందో కొలవడం. అడ్రినల్ గ్రంథే చచ్చిపోతే పిట్యూటరీ గొంతు చించుకుని అరుస్తూ ఉంటుంది, ఏసీటీహెచ్ బాగా ఎక్కువ ఉంటుంది. స్టెరాయిడ్ వల్ల నిద్రపోయి ఉంటే తక్కువ ఉంటుంది. ఒకే పరీక్షలో తేలిపోతుంది గానీ, ఈ హార్మోన్ ఇట్టే విరిగిపోతుంది. ఈడీటీఏ ట్యూబులో తీసి, వెంటనే చల్లబరిచి, ప్లాస్మా వేరుచేసి, గడ్డకట్టించి పంపాలి. ట్యూబు ఎండలో బైకు మీద ల్యాబుకు వెళ్తే తక్కువ అంకె వస్తుంది, తప్పుదారి పట్టిస్తుంది. ఎక్కువ వస్తే నమ్మండి, తక్కువ వస్తే శాంపిల్ ఎలా వెళ్లిందో అడగండి. వైద్యం కోసం ఇప్పటికే స్టెరాయిడ్ మొదలుపెట్టి ఉంటే అది కూడా ఏసీటీహెచ్‌ను దించుతుంది.

రెండో మార్గం ఓపిక. అడిసన్స్ అనుకునే వైద్యం నడిపిస్తూ, పురుగుల మందు వేసి, డిపో ప్రభావం తగ్గేవరకు, అంటే సుమారు రెండు నెలలు ఆగి, ముందురోజు ప్రెడ్నిసలోన్ ఆపి పరీక్ష మళ్లీ చేయడం. నిజంగా అడిసన్స్ అయితే రెండో అంకె అప్పుడూ 2 దాటదు. స్టెరాయిడ్ వల్లే అయితే కనీసం కొంత పైకి లేస్తుంది. నేనైతే ఏసీటీహెచ్ పంపే సౌకర్యం సరిగ్గా లేని చోట ఈ రెండో దారే పట్టేవాడిని.

మీది కాని ఒక సంగతి, ఇది చదివే మిగతావారి కోసం. నిష్పత్తి మామూలుగా ఉందని అడిసన్స్‌ని కొట్టేయకూడదు. కొన్ని కుక్కల్లో కార్టిసోల్ ఒక్కటే తగ్గుతుంది, సోడియం పొటాషియం చెక్కుచెదరవు. అలాంటివి నెలల తరబడి "అరగట్లేదు" అంటూ తిరుగుతుంటాయి, ప్రతి దీపావళి టపాసులకో, ఇంటివాళ్లు ఊరెళ్లి బోర్డింగ్‌లో వదిలినప్పుడో పడిపోతాయి. వాటికి ముందు ఏసీటీహెచ్ ఇవ్వకుండా చూసే ఒక్క కార్టిసోల్ పరీక్ష చాలు. ఒంట్లో స్టెరాయిడ్ లేని కుక్కకి అది 2 కన్నా ఎక్కువ ఉంటే అడిసన్స్ దాదాపు లేనట్టే, పెద్ద పరీక్ష ఖర్చు తప్పుతుంది. 2 కన్నా తక్కువ ఉంటే జబ్బు ఉందని కాదు, అప్పుడే ఏసీటీహెచ్ పరీక్షకు వెళ్లాలని అర్థం.

పొటాషియం 6.5 దగ్గర ఉన్న కుక్కను ఇంట్లో పెట్టుకున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. మామూలుగా షాక్‌లోకి వెళ్తున్న కుక్క గుండె పరుగెడుతుంది. అడిసన్స్ కుక్క చిగుళ్లు పాలిపోయి, కాళ్లు చల్లబడి కూడా గుండె నిమిషానికి 60, 70 దగ్గర నింపాదిగా కొట్టుకుంటుంది. పెరిగిన పొటాషియం గుండెను పట్టి ఉంచుతోందన్నమాట. తొడ లోపలివైపు వేళ్లు పెట్టి నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం నేర్చుకోండి. పడుకుని లేవని కుక్కకి నాడి అలా నెమ్మదిగా ఉంటే తెల్లారేదాకా ఆగకండి. అక్కడ డాక్టరు గారు ఈసీజీ పెట్టి, సెలైన్‌తో పాటు అవసరమైతే కాల్షియం గ్లూకోనేట్ నెమ్మదిగా ఇస్తారు. సోడియం బాగా తక్కువగా ఉన్న కుక్కకి దాన్ని ఒక్కసారిగా పెంచకూడదు, రోజుకు 10 నుంచి 12 మించితే మెదడు నరాలు దెబ్బతినే ప్రమాదముంది. మీ 129 మరీ ప్రమాదకరమైనంత తక్కువ కాదు, అయినా చూసుకుంటూ పోవాలి.

మందుల విషయానికొస్తే, అడిసన్స్ అని తేలితే అవును, జీవితాంతమే. పోయిన గ్రంథి తిరిగి రాదు. ఆల్డోస్టిరాన్ లోటు తీర్చడానికి విదేశాల్లో నెలకోసారి వేసే డీఓసీపీ ఇంజక్షన్ ఎక్కువ వాడతారు, మన దగ్గర ఎక్కువగా నడిచేది ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలే. మొదలుపెట్టే మోతాదు కిలోకు రోజుకు 0.02 మిల్లీగ్రాములు. మీ కుక్కకి లెక్కవేస్తే 0.48 మిల్లీగ్రాములు, అంటే 0.1 మిల్లీగ్రాము మాత్రలు రోజుకు దాదాపు 5, రెండు పూటలుగా పంచి. మనుషులకు సాధారణంగా ఒకటి రెండు మాత్రలే రాస్తారు కాబట్టి మెడికల్ షాపులో "ఇన్నా?" అని అడుగుతారు, కంగారుపడి తగ్గించేయకండి. నెలకు అయ్యే ఖర్చు ముందే కనుక్కోండి, పెద్ద కుక్కలకి అదే అసలు భారం.

దీనితో పాటు కార్టిసోల్ బదులుగా ప్రెడ్నిసలోన్ తక్కువ మోతాదులో, కిలోకు రోజుకు 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాములు. మీ కుక్కకి రెండున్నర నుంచి 5 మిల్లీగ్రాములు. ఫ్లూడ్రోకార్టిసోన్‌కి కూడా కొంత కార్టిసోల్ గుణం ఉంది కాబట్టి కొన్నాళ్లకు కొన్ని కుక్కల్లో దీన్ని ఇంకా తగ్గించొచ్చు. ఎక్కువ నీళ్లు తాగుతూ, ఎక్కువ మూత్రం పోస్తుంటే మోతాదు ఎక్కువైందేమో అని డాక్టరు గారికి చెప్పండి. ప్రయాణం, ఆపరేషన్, టపాసుల రోజులు, ఇంటినిండా చుట్టాలు ఉన్నప్పుడు ముందురోజు నుంచే ప్రెడ్నిసలోన్ రెట్టింపు చేయాలి. ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రం ఒత్తిడి కోసం మార్చక్కర్లేదు. దాని మోతాదును సోడియం, పొటాషియం చూసే మారుస్తాం. మొదట్లో వారానికోసారి, అంకెలు కుదిరాక నెలకు, తర్వాత మూడు నాలుగు నెలలకు ఒకసారి ఆ రెండూ చూపించండి. మొదటి ఏడాదిలో ఫ్లూడ్రోకార్టిసోన్ మోతాదు మెల్లగా పెంచాల్సి రావడం మామూలే, అది జబ్బు ముదురుతోందనడానికి గుర్తు కాదు.